చివరి పల్లం తెగినప్పుడు

పెరిగే మార్కెట్ కూడా మధ్యమధ్యలో దిగుతుంది. ప్రతి శిఖరం పాత శిఖరాన్ని దాటుతూ, ప్రతి పల్లం పాత పల్లానికి పైనే ఆగుతుంటే దాన్ని అప్‌ట్రెండ్ అంటారు.

2020 జనవరిలో నిఫ్టీ 12,430 తాకింది. ఫిబ్రవరి మొదట్లో 11,600 పైన ఆగి మళ్లీ లేచింది గానీ, 12,250 దాటలేకపోయింది. నా దృష్టిలో తొలి హెచ్చరిక అదే, చాలామంది దాన్ని పట్టించుకోరు. ఫిబ్రవరి 28న ఆ పల్లం తెగి, సూచీ 11,202 దగ్గర ముగిసింది. మార్చి 23 నాటికి 7,610కి పడిపోయింది.

పల్లం తెగితే పతనం ఖాయమని కాదు. కిందటిసారి కొనడానికి ముందుకొచ్చినవాళ్లు ఈసారి అదే ధర దగ్గర నిలబడలేదని అర్థం. ఒక్కోసారి ధర కాసేపు కిందికి జారి, సాయంత్రానికి మళ్లీ పైన ముగుస్తుంది. అందుకే మధ్యాహ్నపు కుదుపు చూసి అమ్మేయకండి, ముగింపు ధర చూశాకే నిర్ణయించుకోండి.