టైమ్‌షీట్ అడగడానికీ ఓ పద్ధతుంది

గంటల లెక్కన క్లయింటుకు బిల్లు వేసే ఐటీ కంపెనీల్లో టైమ్‌షీట్ ఒక్కటి ఆగినా ఇన్వాయిస్ ఆగొచ్చు. అందుకే టీమ్ లీడ్ వారం వారం గ్రూపులో గుర్తు చేస్తుంటారు: ‘బాబూ, టైమ్‌షీట్లు ఇంకా ఎవరెవరు పెట్టలేదు? ఎన్నిసార్లు చెప్పాలి?’

ఇందులో విసుగు ఉంది కానీ, గడువు లేదు. ఎవరిని అడిగారో తెలియదు కాబట్టి, పెట్టనివాళ్లు అది తమకు కాదనుకుంటారు. సకాలంలో పెట్టినవాళ్లు మాత్రం ఊరికే మాట పడతారు.

గ్రూపులో ఒక్క సందేశం చాలు, అదీ గడువుకు ముందు రోజే: ‘ఈ వారం టైమ్‌షీట్లు రేపు, శుక్రవారం సాయంత్రం 5 గంటల్లోగా సబ్మిట్ చేయండి. సోమవారం ఉదయం బిల్లింగ్‌కు పంపాలి.’ గడువు దాటాక, పెట్టనివారికే విడిగా రాయాలి: ‘రవి గారూ, మీ టైమ్‌షీట్‌లో గురు, శుక్రవారాలు ఖాళీగా ఉన్నాయి. సోమవారం 10 గంటల్లోగా నింపగలరా? ఏదైనా అడ్డంకి ఉంటే ఇప్పుడే చెప్పండి.’

చివరి వాక్యాన్ని వదలొద్దు. ప్రాజెక్ట్ కోడ్ తెరుచుకోకపోయినా, సెలవు ఇంకా ఆమోదం కాకపోయినా సబ్మిట్ బటన్ పనిచేయకపోవచ్చు. అది మనిషి బద్ధకం కాదు.

అదే వ్యక్తి వరసగా మూడు వారాలు ఆలస్యం చేస్తే నాలుగో మెసేజ్ దండగ. పక్కకు పిలిచి కారణం అడగండి. అందరి ముందూ పేర్ల జాబితా మాత్రం పెట్టకండి.