జర్మనీలో నోట్స్ అడగాలంటే

జర్మనీ వెళ్లే మన పిల్లలు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మొదటి మెట్టు జర్మన్ నేర్చుకునే వెళ్తారు. అక్కడ నేర్పేది ఎక్కువగా మర్యాద భాష. తీరా క్లాసులో పక్కన కూర్చున్న అమ్మాయిని నోట్స్ అడగాల్సి వచ్చినప్పుడు ‘క్యోన్‌టెన్ జీ...’ అని మొదలుపెడితే ఆమె వింతగా చూస్తుంది. ‘జీ’ అంటే మీరు. అది ప్రొఫెసర్‌కి, ఆఫీసులో గుమస్తాకి. విద్యార్థులు ముఖపరిచయం లేకపోయినా ఒకరినొకరు ‘డు’ అనే పిలుచుకుంటారు. మనవాళ్లకు కొత్తవాళ్లను నువ్వు అనడానికి నోరు రాదు కానీ, అక్కడ మీరు అంటేనే దూరం పెట్టినట్టు.

మంగళవారం జ్వరం వచ్చి లెక్చర్ పోయిందనుకోండి. అడగాల్సింది ఇంతే: ‘కన్‌స్ట్ డు మియ మాల్ డైనె మిట్‌ష్రిఫ్ట్ ఫొమ్ డీన్స్‌టాగ్ షికెన్?’ మంగళవారం నాటి నీ నోట్స్ కాస్త పంపుతావా అని. ‘మిట్‌ష్రిఫ్ట్’ అంటే క్లాసులో వింటూ రాసుకున్నది. మధ్యలో ఉన్న ‘మాల్’ మన ‘కాస్త’ చేసే పనే చేస్తుంది, అడగడంలోని బరువు తగ్గిస్తుంది. ముందు నాలుగు క్షమాపణలు, వెనక నాలుగు వివరణలు అక్కర్లేదు. ఏ రోజుదో చెప్పడం మాత్రం ముఖ్యం. ఒక్క రోజు నోట్స్ ఎవరైనా పంపుతారు. పరీక్షల ముందు సెమిస్టర్ మొత్తం పంపమంటే మొహం మారుతుంది, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

లైబ్రరీలో నలుగురు కలిసి చదువుతుంటే చేరడం ఇంకా తేలిక. ‘ఇస్ట్ బై ఓయ్‌ష్ నొఖ్ ప్లట్స్?’ మీ దగ్గర ఇంకా చోటుందా? ‘క్లార్, జెట్స్ డిష్’ అంటే, ఓ తప్పకుండా, కూర్చో. ‘గేట్ లైడ నిష్ట్’ అంటే కుదరదు. కారణం చెప్పకుండా ఆ ఒక్క మాటతో ఆపేస్తారు. మనకది మొహం మీద తలుపు వేసినట్టుంటుంది గానీ, వాళ్ల లెక్కలో అది ఉన్నమాట చెప్పడమే. మర్నాడు అదే మనిషి పలకరిస్తే మామూలుగా మాట్లాడొచ్చు.

చేరాక అసలు చిక్కు టైముతో. ‘డొనర్స్‌టాగ్, హల్ప్ ఫియ’ అని మెసేజ్ వస్తుంది. గురువారం సరే. ‘ఫియ’ నాలుగు, ‘హల్ప్’ సగం కాబట్టి నాలుగున్నర అనుకుంటాం. కానీ దాని అర్థం మూడున్నర, నాలుగుకి సగం దూరంలో ఉన్నామని. నాలుగున్నరకు వెళ్తే గంట చదువు అయిపోయి ఉంటుంది. పైగా లెక్చర్‌కి ఉండే వెసులుబాటు ఇక్కడ ఉండదు. టైంటేబుల్లో 10 పక్కన c.t. అని ఉంటే లెక్చర్ 10:15కి మొదలవుతుంది. స్టడీ గ్రూప్‌కి మాత్రం మూడున్నర అంటే మూడున్నరే. అనుమానం ఉంటే అంకెల్లో ‘15:30?’ అని తిరిగి రాస్తే చాలు, ‘గెనావ్’ అని జవాబొస్తుంది. అవును, అదే అని.