ఆ బడ్జెట్ ఎవరిది?

హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం చేసేవాళ్లకు ఈ ఫోన్ కొత్తది కాదు. రిక్రూటర్ పేరు, కంపెనీ పేరు చెప్పేసి వరసగా మూడు ప్రశ్నలు వేస్తారు. ఇప్పుడు సీటీసీ ఎంత, ఎంత ఆశిస్తున్నారు, నోటీస్ పీరియడ్ ఎన్నాళ్లు? జవాబు విన్నాక కాసేపు నిశ్శబ్దం. ఆ తర్వాత, "మా బడ్జెట్ అంత లేదండీ."

ఉదాహరణకు ఏడేళ్ల అనుభవమున్న ఒక టెస్టింగ్ ఇంజనీరును తీసుకుందాం. ఇప్పుడు ఏడాదికి 12 లక్షలు, అడిగింది 18, అవతలివాళ్లు చెప్పింది 13. చాలామంది ఇక్కడ రెండింట్లో ఒకటి చేస్తారు. చిరాకుపడి ఫోన్ పెట్టేస్తారు, లేదా "ముందు ఇంటర్వ్యూ కానివ్వండి, తర్వాత చూద్దాం" అంటారు. రెండోది ఎక్కువ నష్టం. మూడు రౌండ్లు నెగ్గాక హెచ్‌ఆర్ మనిషి, "బడ్జెట్ ముందే చెప్పాం కదా, మీరు సరేనన్నారు కదా" అంటే జవాబుండదు.

కాబట్టి మొదట తేల్చుకోవాల్సింది ఆ 13 లక్షల్లో ఏముందో. అందులో 10 శాతం వేరియబుల్ అనుకుందాం. బేసిక్ సగం, అంటే 6.5 లక్షలు. దాని మీద కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం, అంటే 78,000. గ్రాట్యుటీ కింద చూపించేది 4.81 శాతం, మరో 31,000 పైన. ఇవన్నీ సీటీసీలోవే. ఇవి పోగా, ఉద్యోగి వాటా పీఎఫ్, ప్రొఫెషనల్ టాక్స్ కూడా తీసేస్తే నెలకు చేతికొచ్చేది సుమారు 81,700.

ఇప్పుడున్న 12 లక్షల్లో వేరియబుల్ లేదు. పీఎఫ్ నెలకు 1,800 మాత్రమే కడుతున్నారు. అక్కడ చేతికొచ్చేది సుమారు 93,800! లక్ష పెరిగిందని కాగితం చెబుతుంటే నెల జీతం 12,000 తగ్గుతోంది. పీఎఫ్‌లో పడేది తన డబ్బే అనుకున్నా, నెలనెలా ఇంటి వాయిదా దాంతో కట్టలేరు కదా. వేరియబుల్ ఎంత వస్తుందో ఏడాది చివరికి గానీ తేలదు.

తర్వాతి ప్రశ్న, ఈ ఉద్యోగం ఎవరి పేరోల్ మీద? ఫోన్ చేసింది కంపెనీ సొంత రిక్రూటరైతే 13 అన్నది సాధారణంగా ఆ హోదాకు కట్టిన జీతపు పరిధి. తేడా ఒకటి రెండు లక్షలైతే మేనేజర్ పట్టుబట్టి మినహాయింపు తెచ్చుకోగలడు. అయిదు లక్షలంటే అసలు హోదానే వేరు. వాళ్లు వెతుకుతున్నది నాలుగైదేళ్ల అనుభవమున్న మనిషి కోసం కావచ్చు. అప్పుడు బేరమాడేకంటే "దీనికి పై లెవెల్లో ఖాళీ ఉందా" అని అడగడమే మేలు.

కాంట్రాక్టు స్టాఫింగ్ కంపెనీ అయితే కథ మారుతుంది. క్లయింటు ఆ మనిషికి ఇంత అని రేటు కడతాడు. అందులో జీతం, ఖర్చులు పోగా మిగిలింది స్టాఫింగ్ కంపెనీకి. అంటే ఆ 13 క్లయింటు ఇచ్చే మొత్తం కాదు, మధ్యవారు పంచదలచుకున్న వాటా. అది కాస్త సాగుతుంది. "పైకి అడిగి చెప్తా" అన్న మనిషి అరగంటలో లక్షన్నర పెంచాడంటే ఆ సొమ్ము ముందునుంచీ ఉన్నదే అని అనుమానించవచ్చు.

మన ఇంజనీరు చెప్పాల్సిన మాట చిన్నది. "పనీ, టీమూ నచ్చాయండీ. ఫిక్స్‌డ్ 16 లేకపోతే మారడం నాకు కుదరదు. మేనేజర్‌ని అడిగి చెప్తారా? అది తేలాకే ఇంటర్వ్యూ పెట్టుకుందాం." అడిగింది 18 అయినా తాను దిగగల హద్దు 16 అని ఫోన్ రాకముందే తేల్చుకుని ఉండాలి. ఇప్పటి జీతం పెంచి చెప్పడం మాత్రం పనికిరాదు. ఆఫర్ ముందు పే స్లిప్పులు, కొన్నిచోట్ల ఫారం 16 అడుగుతారు.

రిక్రూటర్ మర్నాడు ఫోన్ చేసి, "14.5 ఫిక్స్‌డ్, పైన లక్ష జాయినింగ్ బోనస్" అన్నాడనుకోండి. బోనస్ ఒక్కసారే వస్తుంది. ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు మామూలు. వచ్చే ఏడాది పెంపు లెక్కించేది 14.5 మీదే. ఉన్న ఉద్యోగానికి ఢోకా లేకపోతే అతను ఇక్కడ ఆగిపోవచ్చు. ప్రాజెక్టు అయిపోయి బెంచ్ మీద ఉంటే మాత్రం అతని హద్దు 16 కాదు. జీతం లేకుండా ఎన్ని నెలలు నెట్టుకురాగలడో చూసి వేరే లెక్క వేసుకోవాలి.

వద్దనుకుంటే ఆ రోజే రెండు ముక్కలు మెసేజ్ పెట్టాలి. "ఈ జీతానికి రాలేనండీ. 16 పైన ఏదైనా వస్తే పిలవండి." ప్రొఫైల్ పక్కన రిక్రూటర్ ఆ అంకె రాసి పెట్టుకుంటే, తర్వాతి ఫోన్ అక్కడినుంచే మొదలవుతుంది.