లాభం రాశారు సరే, డబ్బు వచ్చిందా?

అమెరికాలో సన్‌బీమ్ అనే పాత కంపెనీ ఉండేది. మిక్సర్లు, టోస్టర్లు, పెరట్లో మాంసం కాల్చుకునే గ్రిల్ పొయ్యిలు తయారుచేసేది. తడబడుతున్న ఆ కంపెనీ పగ్గాలు 1996 జూలైలో అల్ డన్‌లాప్ చేతికి వచ్చాయి. ఖర్చులు నిర్దాక్షిణ్యంగా కోస్తాడని ఆయనకు పేరు. మరుసటి ఏడాది, 1997లో, సన్‌బీమ్ 10.94 కోట్ల డాలర్ల నికర లాభం ప్రకటించింది. అమ్మకాలు 19 శాతం పెరిగాయి. మార్కెట్ డన్‌లాప్‌ను ఆకాశానికెత్తింది.

అదే వార్షిక నివేదికలో, లాభనష్టాల ఖాతా తర్వాత వచ్చే మరో పట్టిక ఇంకో సంగతి చెప్పింది. ఆ ఏడాది వ్యాపారం నడపడం ద్వారా కంపెనీకి వచ్చిన నగదు సున్నా కన్నా తక్కువ. 82 లక్షల డాలర్లు చేతి నుంచే పోయాయి. దాదాపు 11 కోట్ల లాభం సంపాదించానన్న కంపెనీకి రోజువారీ వ్యాపారంలో ఒక్క డాలరు కూడా మిగల్లేదన్నమాట. ఆ పట్టికే క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్. షేర్లు కొనే ప్రతి ఒక్కరూ చదవడం నేర్చుకోవలసింది దాన్నే.

లాభానికీ నగదుకూ తేడా ఎందుకు వస్తుందో మన ఊళ్లోని ఎరువుల దుకాణంలో చూడవచ్చు. సీజన్లో రైతులకు పది లక్షల సరుకు అరువు మీద ఇస్తే, బిల్లు రాసిన రోజే అమ్మకం లెక్కకెక్కుతుంది, లాభం కూడా పుడుతుంది. డబ్బు మాత్రం పంట అమ్ముడయ్యాకే వస్తుంది. ఈలోగా కంపెనీకి కట్టాల్సింది కట్టాలి, గుమాస్తాకు జీతం ఇవ్వాలి. అరువు వసూలైతే లాభం నిజమవుతుంది. వసూలు కాకపోతే అది పద్దు పుస్తకంలో అంకెగానే మిగిలిపోతుంది. పెద్ద కంపెనీల లెక్కలూ ఇదే పద్ధతిలో నడుస్తాయి. సరుకు చేతులు మారినప్పుడు అమ్మకం రాస్తారు, డబ్బు వచ్చినప్పుడు కాదు. ఇందులో తప్పేమీ లేదు, లెక్కల నియమమే అది. కాకపోతే ఆ నియమంలో అంచనాలకూ, అతిశయానికీ చోటుంది.

క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్‌లో మూడు భాగాలుంటాయి. వ్యాపారం నడపడం వల్ల వచ్చిపోయే నగదు మొదటిది, దాన్ని ఆపరేటింగ్ అంటారు. యంత్రాలు, భవనాలు, పెట్టుబడుల కొనుగోళ్లు అమ్మకాలు రెండోది. అప్పులు, వడ్డీలు, డివిడెండ్లు, కొత్త షేర్ల డబ్బు మూడోది. లాభం నిజమా కాదా తేల్చేది ముఖ్యంగా మొదటి భాగమే.

మన కంపెనీల నివేదికలో ఈ భాగం పన్నుకు ముందు లాభంతో మొదలవుతుంది. దానికి తరుగుదలను తిరిగి కలుపుతారు. యంత్రం అరిగినందుకు లెక్కలో ఖర్చు రాస్తారు గానీ ఆ ఏడాది ఎవరికీ డబ్బు ఇవ్వరు కదా. ఆ తర్వాత వచ్చే వరుసలే అసలైనవి. ఖాతాదారుల నుంచి రావలసిన బాకీలు ఎంత పెరిగాయి, సరుకు నిల్వలు ఎంత పెరిగాయి, సరఫరాదారులకు చెల్లించాల్సింది ఎంత పెరిగింది అన్నవి అక్కడ కనిపిస్తాయి. అంకె చుట్టూ బ్రాకెట్లు ఉంటే అంత నగదు బయటికి పోయిందని గుర్తు. బాకీల పక్కన బ్రాకెట్లలో పెద్ద అంకె ఉంటే, లాభంలో అంత భాగం ఇంకా కొనుగోలుదారుల దగ్గరే ఉందని అర్థం. చివర్లో కట్టిన పన్ను తీసేస్తే ఆపరేటింగ్ నగదు మిగులుతుంది.

దీన్ని పన్ను తర్వాత నికర లాభం పక్కన పెట్టి చూడాలి. తరుగుదలను తిరిగి కలుపుతారు కాబట్టి, ఆరోగ్యంగా ఉన్న తయారీ కంపెనీలో ఆపరేటింగ్ నగదు సాధారణంగా నికర లాభం కన్నా ఎక్కువే ఉంటుంది. ఏడాదికేడాది తక్కువగా ఉంటూ వస్తే ఎందుకని అడగాలి.

సన్‌బీమ్‌లో ఆ ప్రశ్నకు జవాబు అవే వరుసల్లో దొరికింది. అమ్మకాలు 19 శాతం పెరిగితే, రావలసిన బాకీలు 21.3 కోట్ల డాలర్ల నుంచి 29.6 కోట్లకు, అంటే 38 శాతానికి పైగా పెరిగాయి. గోదాముల్లో సరుకు 16.2 కోట్ల నుంచి 25.6 కోట్లకు ఎగబాకింది. అది 58 శాతం. అమ్మకాలు నిజంగానే జోరుగా సాగితే గోదాములు ఖాళీ కావాలి, బాకీలు అమ్మకాలతో సమానంగా పెరగాలి. ఇక్కడ రెండూ అమ్మకాలను దాటి పరుగెత్తాయి.

లోపల జరిగింది ఇది. గ్రిల్ పొయ్యిలు వేసవిలో అమ్ముడుపోయే సరుకు. కంపెనీ మాత్రం చిల్లర దుకాణాల గొలుసులకు పెద్ద తగ్గింపులిచ్చి, డబ్బు నెలల తర్వాత కట్టవచ్చని చెప్పి, చలికాలంలోనే ఆర్డర్లు రాయించుకుంది. పొయ్యిలు కొనుగోలుదారుల దగ్గరికి పోకుండా బయటి గోదాముల్లోనే ఉన్నా అమ్మకాలుగా రాసుకుంది. అంటే వచ్చే ఏడాది అమ్మకాన్ని ఈ ఏడాదే లెక్కకెక్కించింది. కొనుగోలుదారు డబ్బు కట్టలేదు కాబట్టి ఈ అమ్మకం లాభంలో కనిపించింది, నగదులో కనిపించలేదు.

ఆ 82 లక్షల లోటు కూడా పూర్తి చిత్రం కాదు. 1997 డిసెంబరులో సన్‌బీమ్ తనకు రావలసిన బాకీల్లో కొన్నింటిని ఓ ఆర్థిక సంస్థకు అమ్మి 5.9 కోట్ల డాలర్లు తెచ్చుకుని, ఆపరేటింగ్ భాగంలోనే చూపింది. అది తీసేస్తే అసలు లోటు దాదాపు 6.7 కోట్లు. 1998 జూన్‌లో బోర్డు డన్‌లాప్‌ను తొలగించింది. లెక్కలు మళ్లీ కట్టాక 1997 లాభం 10.94 కోట్ల నుంచి 3.83 కోట్లకు పడిపోయింది. 2001 ఫిబ్రవరిలో కంపెనీ దివాలా రక్షణ కోరింది.

ఆ 5.9 కోట్ల అంకె మనకో పాఠం చెబుతుంది. ఆపరేటింగ్ నగదు బాగున్నంత మాత్రాన నిశ్చింతగా ఉండలేం, అది దేనివల్ల బాగుందో చూడాలి. బాకీలను బ్యాంకుకు అమ్మేసినా, సరఫరాదారులకు డబ్బు నెలల తరబడి ఆపినా ఆ ఏడాది నగదు ఉబ్బుతుంది. చెల్లించాల్సిన బాకీలు కొనుగోళ్లను మించి పెరుగుతున్నాయంటే అది వ్యాపారం తెచ్చిన డబ్బు కాదు, చిన్న సరఫరాదారుల జేబులోది. ఇలాంటి ఊతం ఒక ఏడాది పనిచేస్తుంది, మరుసటి ఏడాది ఎదురు తిరుగుతుంది. అందుకే ఒక్క ఏడాది అంకెతో తీర్పు చెప్పకూడదు. అయిదేళ్ల నికర లాభాలు ఒక పక్క, అయిదేళ్ల ఆపరేటింగ్ నగదు మరో పక్క కూడి చూడాలి. వేగంగా పెరుగుతున్న కంపెనీకి ఒకటి రెండేళ్లు నగదు వెనకబడటం సహజం. అయిదేళ్ల మొత్తంలోనూ నగదు లాభంలో సగానికి చేరకపోతే దానికి గట్టి కారణం చూపించాల్సింది కంపెనీయే.

మన దేశంలో ఇంకో మెలిక ఉంది. మన ప్రమాణాల ప్రకారం సాధారణ కంపెనీలు కట్టే వడ్డీ ఆపరేటింగ్ భాగంలోంచి పోదు, మూడో భాగంలో కనిపిస్తుంది. నికర లాభం లెక్కలో మాత్రం వడ్డీ ముందే తీసేసి ఉంటుంది. అందువల్ల అప్పులు ఎక్కువున్న కంపెనీ ఆపరేటింగ్ నగదు లాభం పక్కన చూస్తే అసలు కన్నా బాగా కనిపిస్తుంది. మూడో భాగంలోంచి చెల్లించిన వడ్డీ అంకె తెచ్చి, ఆపరేటింగ్ నగదులోంచి తీసేశాకే పోల్చండి. బ్యాంకులకూ, ఫైనాన్స్ కంపెనీలకూ ఈ పద్ధతి వర్తించదు. అప్పులివ్వడమే వాటి వ్యాపారం కాబట్టి, ఎక్కువ రుణాలిచ్చిన ఏడాది ఆపరేటింగ్ నగదు లోటులో పడటం మామూలే.

ఇక ఈ పరీక్షకే అందని మోసం ఒకటుంది. అది హైదరాబాద్‌లోనే జరిగింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు బోర్డుకు రాసిన లేఖలో, పుస్తకాల్లో ఉన్న 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనేలేవని ఒప్పుకున్నారు. సన్‌బీమ్‌లో లాభం పెంచి రాస్తే నగదు బయటపెట్టింది. సత్యంలో నగదునే పెంచి రాశారు. లేని డబ్బుకు లేని వడ్డీ కూడా రాశారు. రావలసిన వడ్డీ కింద చూపిన 376 కోట్లు కల్పితమని ఆ లేఖే చెప్పింది. లాభమూ నగదూ ఒకే అబద్ధం చెబుతున్నప్పుడు రెంటినీ పోల్చి లాభం లేదు.

అలాంటి చోట అడగాల్సింది, ఉన్నదని చెప్పిన డబ్బు ఎప్పుడైనా బయటికి వచ్చిందా అని. వేల కోట్ల నగదు ఉందంటూనే కొత్త అప్పులు ఎందుకు తెస్తున్నారు? డివిడెండ్ ఎందుకు పిసినారిగా ఇస్తున్నారు? వచ్చిన వడ్డీని సగటు బ్యాంకు నిల్వతో భాగిస్తే, డిపాజిట్ రేటుకు దరిదాపుల్లో ఉందా? ఈ చివరి లెక్క నిమిషంలో అయిపోతుంది. సత్యంలా వడ్డీని కూడా అల్లేసిన చోట ఇదీ చాలదు. అక్కడ యాజమాన్యం ఆ డబ్బుతో ఏం చేయబోతోందో గమనించాలి. లేఖకు మూడు వారాల ముందు, 2008 డిసెంబరు 16న, రాజు కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను దాదాపు 160 కోట్ల డాలర్లకు కొంటామని సత్యం ప్రకటించింది. వాటాదారులు ఎదురు తిరగడంతో గంటల్లోనే వెనక్కి తీసుకుంది. కల్పిత ఆస్తుల స్థానంలో నిజమైన ఆస్తులు నింపే చివరి ప్రయత్నం అదేనని రాజు లేఖలో రాశారు.

లిస్టయిన కంపెనీలు మూడు నెలలకోసారి లాభం ప్రకటిస్తాయి, టీవీల్లో హడావుడి అప్పుడే. క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ మాత్రం తప్పనిసరిగా ఇవ్వాల్సింది ఆరు నెలలకోసారే. కాబట్టి మే, నవంబరు నెలల్లో వచ్చే ఫలితాల కోసం ఆగండి. కంపెనీ వెబ్‌సైట్‌లోనో, ఎక్స్ఛేంజ్ వెబ్‌సైట్‌లోనో కన్సాలిడేటెడ్ పట్టిక తెరిచి, ఆపరేటింగ్ నగదు, చెల్లించిన వడ్డీ, నికర లాభం అనే మూడు అంకెలు అయిదేళ్లవి ఒక కాగితం మీద రాసుకోండి. అవి పొంతన కుదరని షేరును ఎవరు ఎంత పొగిడినా, ఎందుకో తెలిసేదాకా కొనకండి.