విగ్రహం లేని కొండగుడి: షింటోలో కామి, శుద్ధి

జపాన్‌లోని నారా ప్రాంతంలో, సకురాయి పట్టణం వద్ద ఓమివా అనే షింటో ఆలయం ఉంది. అక్కడ 1664లో నిర్మించిన పూజామందిరం ఉన్నది గాని, గర్భగృహం లేదు. మందిరంలో నిలిచిన భక్తులు దాని వెనుకనున్న కొండకే మొక్కుతారు. 467 మీటర్ల ఎత్తుగల ఆ మివా కొండయే ఓమోనోనుషి అనే కామికి నెలవు. కొండ కళ్లెదుట ఉండగా విగ్రహం చెక్కవలసిన అవసరం వారికి కలుగలేదు.

కామి అనే మాటను ‘దేవుడు’ అని అనువదిస్తే అర్థం సగమే దక్కుతుంది. సాధారణతను మించిన శక్తితో మనిషిలో భయమునో విస్మయమునో కలిగించేది ఏదైనా కామియేనని 18వ శతాబ్దపు పండితుడు మోతోఓరి నోరినాగా వివరించాడు. అది మంచిదే కానక్కరలేదు. వృద్ధవృక్షము, జలపాతము, పిడుగు, ఒక్కొక్కప్పుడు మనిషి సైతం కామి కావచ్చును. ఇట్టి శక్తి నీతిసూత్రాలు విధించి తీర్పు చెప్పే న్యాయాధిపతి కాదు. దాని సన్నిధికి వచ్చే మనిషిని అడిగేది ఒక్కటే: మైలతో రావద్దు.

‘మైల’ అన్న మాటను ఇక్కడ ఆలోచించే వాడుతున్నాను. జపనీయులు ‘కెగారె’ అనేదానికి తెలుగులో ఇంతకన్న దగ్గరి పదం లేదు. కెగారె పాపం కాదు. 712 నాటి కోజికి గ్రంథంలో ఇజనాగి మరణించిన భార్యను వెదకుతూ మృతలోకానికి వెళ్లి, తిరిగివచ్చి నదిలో స్నానం చేస్తాడు. మృత్యువు సోకినందువల్లనే ఆ స్నానం అవసరమైంది. ఎడమకన్ను కడిగినప్పుడే సూర్యదేవత అమతెరసు పుట్టిందట. 927లో పూర్తయిన ఎంగిషికిలోని మహాశుద్ధి మంత్రం కడిగివేయవలసిన వాటిని పేర్కొంటూ, పరుల వరిమడి గట్టు తెంచడాన్ని, పురుగుల వల్ల, పిడుగుల వల్ల కలిగే ఆపదలను ఒకే వరుసలో చేర్చింది. నేరం, దురదృష్టం రెండూ ఒకే నీటిలో కొట్టుకొనిపోవలసినవే.

బౌద్ధ పాఠకునికి ఇక్కడ చిక్కు ఎదురవుతుంది. వత్థూపమ సుత్తంలో నదీస్నానం వల్ల శుద్ధి కలుగదని బుద్ధుడు సుందరిక భారద్వాజునికి బోధిస్తాడు. లోభద్వేషాదులు చిత్తంలో ఉన్నవి గనుక నీరు వాటిని తాకదు. షింటో శుద్ధి ఆ పని చేస్తానని మొదటినుండి చెప్పుకోలేదు. అది పశ్చాత్తాపం కాదు, సన్నిధికి తగిన స్థితికి తిరిగి రావడం.

ఆలయంలోని నడవడి అంతా దీనినుండే పుడుతుంది. తోరీ అనే ద్వారం ముందు తలవంచి, కామికి చెందిన నడిదారిని వదలి, పక్కగా నడుస్తారు. నీటితొట్టె వద్ద కుడిచేతితో గరిటె నిండా నీరు తీసుకొని ఎడమచేతిని, తరువాత చేయి మార్చి కుడిచేతిని కడుగుతారు. ఎడమ అరచేతిలో నీరు పోసుకొని నోరు పుక్కిలిస్తారు. గరిటెకు పెదవి తగలరాదు. ఎడమచేతిని మళ్లీ కడిగి, మిగిలిన నీరు కాడ మీదుగా జారేటట్లు గరిటెను నిలువుగా ఎత్తుతారు. తరువాత వచ్చేవారు పట్టుకొనేది ఆ కాడనే కదా! ఇదంతా ఒక్క గరిటెడు నీటితో ముగియాలి. కొత్తవారు సాధారణంగా సగంలోనే నీరంతా ఒలకబోస్తారు.

మివా కొండ ఎక్కదలచినవారికి నియమం మరింత గట్టిది. కొండపాదాన సాయి అనే ఉపాలయంలో పేరు రాయించుకొని, తమను తాము శుద్ధి చేసుకొని, చిరుగంట ఉన్న తెల్లని పట్టీ మెడలో వేసుకొని బయలుదేరాలి. కొండపై ఛాయాచిత్రాలు తీయరాదు, భోజనం చేయరాదు, నిప్పు రాజేయరాదు. ఆకుగాని రాయిగాని వెంట తెచ్చుకోరాదు. అక్కడ నడవడమంటే కామి దేహంపై నడవడమే. అడవిని కాపాడుదామన్న నేటి ఆలోచన నుండి పుట్టిన నియమాలు కావివి. అయినా ఆ అడవి నిలిచింది.

ఈ చిత్రానికి చీకటి పార్శ్వం కూడా ఉంది. ఇంట మరణం సంభవించినవారు కొంతకాలం తోరీ దాటరాదన్నది ఆచారం. దుఃఖితునిది తప్పేమీ కాకపోయినా, ఓదార్పు అవసరమైన దినాల్లో అతడు బయటే నిలుస్తాడు. జపాన్‌లో అంత్యక్రియలు ఎక్కువగా బౌద్ధాలయాలకు చెందడానికి ఇదొక కారణం. అంతకన్న కఠినమైనది మరొకటి. చచ్చిన పశువుల చర్మం ఒలిచేవారికి, శవాలను మోసేవారికి సోకిన మైల కడిగితే పోయేదిగా మిగలక, వారి సంతానానికీ అంటగట్టబడింది. ఆ అంటును 1871లో ప్రభుత్వ శాసనం రద్దు చేసినా, వారి వంశీకులు వివాహాల్లో, ఉద్యోగాల్లో వివక్షను ఎదుర్కొంటూనే వచ్చారు. తొట్టెలోని నీరు వారికి మాత్రం పనిచేయలేదు.