పక్క సీటుకు ప్రమోషన్ వచ్చిన రోజు

తానూ ఆశించిన ప్రమోషన్ సహోద్యోగికి వచ్చినప్పుడు అభినందన చెప్పడంలో ఒక చిక్కు ఉంది. చెప్పేవారి మనసులో ఏముందో వినేవారికి ముందే తెలుసు. ప్రభుత్వరంగ బ్యాంకుల్లో ఇది మరీ బాహాటం. స్కేల్ 2 నుంచి స్కేల్ 3కి ఎవరెవరు ప్రయత్నించారో బ్రాంచి అంతటికీ తెలుస్తుంది. సర్క్యులర్ వచ్చిన పూట ఎవరి పేరుందో, ఎవరిది లేదో అందరూ చూస్తారు.

అందుకే సంతోషాన్ని పెంచి చెబితే వెంటనే దొరికిపోతుంది. ‘మీకు వస్తే నాకు వచ్చినట్టే’ అన్న మాటను ఎవరూ నమ్మరు. ‘మీ టైమ్ బాగుంది’ అంటే అర్హత వల్ల రాలేదన్నట్టు ధ్వనిస్తుంది. ‘పార్టీ ఎప్పుడు?’ అన్నది మిగతావాళ్ల నోట బాగానే ఉంటుంది గానీ, పోటీలో ఉన్న మనిషి అంటే తప్పించుకున్నట్టే ఉంటుంది.

నిలబడేది కళ్లారా చూసిన పని గురించిన మాట. ఒక బ్రాంచిలో ఇద్దరు మేనేజర్లు ఇంటర్వ్యూకు వెళ్లారనుకుందాం. రుణాల విభాగం చూసే ఆమె పేరు లిస్టులో వచ్చింది. రెండో ఆయన ఆమె సీటు దగ్గరికి వెళ్లి ఇలా అనవచ్చు: “కంగ్రాట్స్ మేడమ్, లిస్టు ఇప్పుడే చూశాను. నాకు రాలేదని కొంచెం వెలితిగానే ఉంది, దాచడం ఎందుకు. కానీ మార్చిలో పంట రుణాల రెన్యువల్స్ కోసం మీరు ఊరూరా తిరగడం నేను చూశాను. మీకు రావడం న్యాయమే.”

ఇందులో వెలితి మాట ఒక్కసారే, అదీ మధ్యలో వచ్చింది. అది చివర్లో వస్తే ఆమె ఓదార్చాల్సి వస్తుంది. రెండుసార్లు వస్తే అభినందన ఫిర్యాదవుతుంది. అంత చనువు లేనివారి దగ్గర ఆ వాక్యం వదిలేసినా అబద్ధం కాదు. ఎంపికే సరిగా జరగలేదని నమ్మేవారు ‘న్యాయమే’ అనకూడదు. చేసిన పని వరకు మెచ్చుకుని ఆగితే చాలు. అనుమానాలుంటే అడగాల్సింది హెచ్‌ఆర్‌ను, ఆమెను కాదు.

వాట్సాప్ గ్రూపులో నలభై పూలగుత్తుల మధ్య మరో పూలగుత్తి పెట్టి ఊరుకుంటే ఎదురుపడినప్పుడు ఇబ్బంది అలాగే ఉంటుంది. ఆ రోజు ముఖం సహకరించకపోతే ఆమెకు విడిగా ఒక ముక్క రాసి, మర్నాడు కలవడం మేలు. మరీ ఆలస్యం చేస్తే ఆ మౌనానికే అర్థాలు పుడతాయి. పైగా ప్రమోషన్ వెంట తరచూ బదిలీ కూడా వస్తుంది కాబట్టి, రిలీవయ్యే రోజు సభ దాకా ఆగితే అది లాంఛనమైపోతుంది.

ఆమె నొచ్చుకుంటూ “మీకూ వస్తుందనుకున్నానండీ” అనవచ్చు. జవాబు పొట్టిగా ఉండాలి: “మళ్లీ ప్రయత్నిస్తాను లెండి. మీ పోస్టింగు ఎక్కడ పడొచ్చంటున్నారు?”