నాలుగు క్రోమోజోములతో తేలిపోయే లెక్క

ప్రశ్నపత్రంలో ఒక బొమ్మ ఇచ్చి ‘ఇది ఏ విభజన, ఏ దశ?’ అని అడిగితే, చాలామంది పిల్లలు అలాంటి బొమ్మ పుస్తకంలో ఏ పేజీలో ఉందా అని ఆలోచిస్తారు. తడబాటు మొదలయ్యేది అక్కడే. సమవిభజన బొమ్మ, క్షయకరణ విభజనలోని రెండో భాగం బొమ్మ పక్కపక్కన పెడితే కవలల్లా ఉంటాయి. ఆకారం చూసి పోల్చుకోలేం, లెక్కపెట్టాల్సిందే.

ముందు ఏం లెక్కపెట్టాలో తెలియాలి. విభజనకు ముందే కణం తన డీఎన్ఏని రెట్టింపు చేసుకుంటుంది. కాబట్టి ప్రతి క్రోమోజోమూ రెండు పోగులుగా, అంటే రెండు క్రోమాటిడ్‌లుగా ఉంటుంది. ఆ రెండూ సెంట్రోమియర్ దగ్గర అతుక్కుని ఉంటాయి. పోగులు రెండైనా అది ఒక్క క్రోమోజోమే. అందుకే సెంట్రోమియర్లను లెక్కపెట్టాలి, పోగులను కాదు. మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే.

ఇప్పుడు నాలుగు క్రోమోజోములున్న కణాన్ని తీసుకుందాం. రెండు పొడవు, రెండు పొట్టి. పొడవైన వాటిలో ఒకటి తల్లి నుంచి, ఇంకొకటి తండ్రి నుంచి వచ్చాయి. పొట్టివీ అంతే. వీటినే సమజాత క్రోమోజోములంటారు. మధ్యస్థ దశలో, అంటే మెటాఫేజ్‌లో, ఇవన్నీ కణం నడుమకు చేరతాయి. సమవిభజనలో నాలుగూ ఎవరికి వారుగా ఒకే వరసలో నిలబడతాయి. పొడవైనవి రెండూ ఒకదాన్నొకటి పట్టించుకోవు. క్షయకరణ మొదటి విభజనలో మాత్రం పొడవుకు ఎదురుగా పొడవు, పొట్టికి ఎదురుగా పొట్టి, రెండు జతలుగా నిలబడతాయి. జత కనిపించిందా, ఇక అనుమానం లేదు, అది క్షయకరణ మొదటి విభజనే. రెండో విభజనలోనూ వరస ఒక్కటే, కానీ ఆ కణంలో మిగిలేవి ఒక పొడవు, ఒక పొట్టి, మొత్తం రెండే.

చలన దశకు, అంటే అనాఫేజ్‌కు వచ్చాక రెండు సంగతులు చూడాలి: ఒక్కో ధ్రువానికి ఎన్ని వెళ్తున్నాయి, వెళ్లేది ఒంటిపోగా జంటపోగా. సమవిభజనలో సెంట్రోమియర్ చీలుతుంది, నాలుగు ఒంటిపోగులు అటు, నాలుగు ఇటు వెళ్తాయి. క్షయకరణ మొదటి విభజనలో సెంట్రోమియర్ చీలదు. జతలు మాత్రమే విడిపోయి, రెండేసి జంటపోగులు చెరో వైపు జరుగుతాయి. నాలుగు రెండయ్యేది ఈ అడుగులోనే. రెండో విభజనలో సంఖ్య తగ్గుతుందని రాసేవాళ్లు చాలామంది, అది తప్పు. రెండో విభజనలో మళ్లీ సెంట్రోమియర్ చీలి, రెండేసి ఒంటిపోగులు వెళ్తాయి. రెండు విభజనల మధ్య డీఎన్ఏ మళ్లీ రెట్టింపు కాదు. చివరికి వచ్చే నాలుగు కణాల్లో రెండేసి క్రోమోజోములే ఉండటానికి కారణం అదే.

దశల వరస బట్టీ పట్టక్కర్లేదు. ఒక దశలో జరిగే పని లేకపోతే తర్వాతి దశ సాగదు. చిక్కుపడ్డ పొడుగాటి దారాలను లాగితే తెగిపోతాయి, అందుకని ప్రథమ దశలో అవి చుట్టుకుని పొట్టి అవుతాయి. కేంద్రకం పొర పోతేనే కండె పోగులు వాటిని అందుకుంటాయి. రెండు వైపుల నుంచీ లాగుడు సమానమైతేనే అవి నడుమ నిలుస్తాయి, అది మధ్యస్థ దశ. ఆ తర్వాతే చలనం. ధ్రువాలు చేరాక పొర మళ్లీ ఏర్పడటం అంత్య దశ.

ఇంటర్ పిల్లల్ని నిజంగా ఏడిపించేది క్షయకరణ మొదటి ప్రథమ దశ. అందులో ఐదు ఉపదశలు: లెప్టోటీన్, జైగోటీన్, పాకీటీన్, డిప్లోటీన్, డయాకైనెసిస్. వీటికి నేను చెప్పే గుర్తు ఇది: లేతగా కనిపించి, జతకట్టి, పంచుకుని, దూరం జరిగి, దళసరెక్కి. మొదటి అక్షరాలు దగ్గరగా కలవడమే కాదు, జరిగే పనీ అదే. లెప్టోటీన్‌లో సన్నటి దారాలు కనిపిస్తాయి. జైగోటీన్‌లో సమజాత క్రోమోజోములు జతకడతాయి. పాకీటీన్‌లో క్రాసింగ్ ఓవర్ జరిగి ముక్కలు పంచుకుంటాయి. డిప్లోటీన్‌లో దూరం జరిగినా, పంచుకున్న చోట కయాస్మాల దగ్గర అంటిపెట్టుకునే ఉంటాయి. డయాకైనెసిస్‌కు వచ్చేసరికి బాగా కురచబడి దళసరిగా మారతాయి. చివరి రెండూ తారుమారు చేయడం మామూలే. అయితే దూరం జరగడానికి ముందు జతగా ఉండాలి కదా, కాబట్టి దూరం పంచుకోవడం వెంటనే వస్తుంది.

ఈ లెక్కను ఉల్లిపాయ మీద సరిచూసుకోవచ్చు. ఉల్లి కణంలో 16 క్రోమోజోములుంటాయి. ప్రయోగశాలలో వేరు కొన స్లైడు పెడితే అది సమవిభజనే. మధ్యస్థ దశలో 16 సెంట్రోమియర్లు, 32 క్రోమాటిడ్‌లు ఉంటాయి, చలన దశలో ఒక్కో ధ్రువానికి 16 ఒంటిపోగులు వెళ్తాయి. అదే ఉల్లి పూమొగ్గలోని పరాగకోశం స్లైడైతే, మొదటి మధ్యస్థ దశలో కనిపించేవి 8 జతలు. మొదటి చలన దశలో ఒక్కో ధ్రువానికి 8 వెళ్తాయి, ఆ ఎనిమిదీ జంటపోగులే.